బాకీపడిన కంపెనీ పుట్టుక పత్రం

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో చిన్న సరఫరాదారులు అనే మాట కింద రెండు రకాల వ్యాపారులు కనిపిస్తారు. టెండరు వేసి సింగరేణి కాలరీస్ కంపెనీకే నేరుగా సరుకు ఇచ్చేవారు ఒక రకం. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు పొర మీదున్న మట్టినీ రాతినీ, అంటే గనుల భాషలో ఓబీని, తొలగించే కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు కంపెనీలకు హోస్ పైపులు, ఫిల్టర్లు, బోల్టులు, భద్రతా బూట్లు అరువు మీద ఇచ్చేవారు రెండో రకం. మొదటి రకం వారికి బిల్లు ఆలస్యమైతే కావచ్చు గానీ, తమ దగ్గర కొన్నది ఎవరన్న సందేహం ఏనాడూ కలగదు. రెండో రకం వారికి ఆ సందేహం సాధారణంగా సరుకు ఇచ్చేటప్పుడు కాక, బాకీ పేరుకుపోయి, సైటులో ఉండే మేనేజరు ఫోను ఎత్తడం మానేసి, వకీలు దగ్గరికి వెళ్లవలసి వచ్చిన రోజున కలుగుతుంది. ఆ కంపెనీ ఉందనడానికి, దాని చిరునామా ఇదేననడానికి ఏ కాగితం ఉందని వకీలు అడిగినప్పుడు వారి దగ్గర ఉండేవి ఒక పర్చేజ్ ఆర్డరు, కొన్ని డెలివరీ చలానాలు, వాట్సాప్ సందేశాలు మాత్రమే.

కంపెనీల రిజిస్ట్రారు కార్యాలయానికి ఈమెయిల్ రాయాలన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. కంపెనీల నమోదు, వాటి దస్తావేజుల భద్రత చూసే ఈ కార్యాలయం కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. తెలంగాణలో నమోదైన కంపెనీల దస్తావేజులు హైదరాబాదు రిజిస్ట్రారు పరిధిలోకి వస్తాయి. ఇలాంటి ఈమెయిళ్లు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. మచ్చుకు ఒకటి ఊహించుకుంటే, దాని సారాంశం ఇలా ఉంటుంది: ‘ఫలానా కన్‌స్ట్రక్షన్స్ అనే సంస్థ మా దగ్గర 6,40,000 రూపాయల సరుకు అరువు తీసుకుని ఎనిమిది నెలలుగా డబ్బు ఇవ్వడం లేదు. అది చిన్న వ్యాపారుల పట్ల అన్యాయంగా ప్రవర్తిస్తున్నది. కోర్టులో వేయడానికి ఆ కంపెనీ ఇన్‌కార్పొరేషన్ పత్రాలను ధ్రువీకరించి దయచేసి పంపగలరు.’ రాసినవారి బాధ నిజమైనది, అడిగిన కాగితం కూడా సరైనదే. కానీ ఉత్తరంలో సగానికి పైగా భాగాన్ని ఆక్రమించిన బాకీ కథతో రిజిస్ట్రారుకు సంబంధం లేదు, రిజిస్ట్రారుకు అవసరమైన వివరమేమో అందులో లేనే లేదు.

రిజిస్ట్రారు బాకీలు తీర్చే అధికారి కాడు, దస్తావేజులను కాపాడే అధికారి. కంపెనీల చట్టం 2013లోని 399వ సెక్షను ప్రకారం, రుసుము చెల్లించిన ఎవరైనా ఆ దస్తావేజులను కంప్యూటరు ద్వారా చూడవచ్చు, వాటి నకళ్లను రిజిస్ట్రారు చేత ధ్రువీకరింపజేసుకుని పొందవచ్చు. ఇక్కడ ‘ఎవరైనా’ అంటే నిజంగానే ఎవరైనా. అడిగే వ్యక్తి ఆ కంపెనీలో వాటాదారు కానక్కరలేదు, బాకీ ఉందని రుజువు చేయనక్కరలేదు, ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. 1956 నాటి పాత చట్టంలోనూ 610వ సెక్షను కింద ఇదే హక్కు ఉండేది. పరిమిత బాధ్యత, అంటే కంపెనీ అప్పులకు వాటాదారు తన వాటా సొమ్ము మేరకే పూచీపడే సౌకర్యం, చట్టం ఇచ్చిన పెద్ద వరం. ఆ వరానికి బదులుగా కంపెనీ తన పుట్టుక వివరాలను లోకం ముందు తెరిచి ఉంచాలన్నది ఈ సెక్షను వెనకున్న న్యాయం. అందువల్ల ఆ ఉత్తరంలో దయచేసి అనే మాట అక్కరలేదు. అక్కరకొచ్చేది రుసుమే. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్టు నకలుకు 100 రూపాయలు, ఇతర దస్తావేజులకు పుటకు 25 రూపాయల చొప్పున నిబంధనలు నిర్ణయించాయి, వీటికి స్టాంపు సుంకం అదనం. మెమొరాండం ఆరు పుటలు, ఆర్టికల్స్ ఇరవైనాలుగు పుటలు ఉన్నాయనుకుంటే, మొత్తం ముప్పై పుటలకు 750, సర్టిఫికెట్టుకు 100, వెరసి 850 రూపాయలు అవుతాయి. ఈ రుసుమును మంత్రిత్వ శాఖ వెబ్‌సైటు mca.gov.in లో ఖాతా తెరిచి, ధ్రువీకృత నకళ్ల విభాగంలో కంపెనీని ఎంచుకుని, ఆన్‌లైనులోనే చెల్లించాలి. ఆ పని చేయకుండా ఈమెయిల్ మాత్రమే పంపితే, వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోండనే జవాబు కోసమే కొన్ని వారాలు కరిగిపోవచ్చు.

అయితే కంపెనీని ఎంచుకోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ‘ఫలానా కన్‌స్ట్రక్షన్స్’ కంపెనీయే కాకపోవచ్చు. అది భాగస్వామ్య సంస్థ అయితే దాని నమోదు కంపెనీల రిజిస్ట్రారు దగ్గర ఉండదు, రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ పరిధిలోని సంస్థల రిజిస్ట్రారు దగ్గర వెతకాలి. ఒక్కరి సొంత వ్యాపారం అయితే ఇన్‌కార్పొరేషన్ అన్న మాటే వర్తించదు. బొగ్గు గనుల ప్రాంతంలో వీటికి తోడు జాయింట్ వెంచర్లు, అంటే ఒక్కొక్కరికీ విడిగా అర్హత చాలనప్పుడు రెండు మూడు సంస్థలు ఒక పెద్ద కాంట్రాక్టు కోసం ఒప్పందం రాసుకుని కలిసి ఏర్పరచుకునే కూటములు, ఎదురవుతాయి. ఇలాంటి కూటమికి సొంత బ్యాంకు ఖాతా ఉండవచ్చు, సొంత పాన్ నంబరు ఉండవచ్చు, కానీ చాలాసార్లు అది కంపెనీగా నమోదై ఉండదు. దాని పేరు మీద ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్టు అడిగితే ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే అలాంటి కాగితం ఎన్నడూ పుట్టలేదు. ఆ పరిస్థితిలో కూటమిలోని ఒక్కో సంస్థ పత్రాన్నీ విడివిడిగా తీసుకోవాలి, వాటితోపాటు వాటి మధ్య కుదిరిన ఒప్పందం నకలును కూడా సంపాదించాలి. ఆ ఒప్పందం రిజిస్ట్రారు దగ్గర దొరకదు.

ఈ తేడాను తెలుసుకోవడానికి వకీలు దాకా వెళ్లనవసరం లేదు, సరఫరాదారు తానే రాసిన జీఎస్‌టీ బిల్లు సరిపోతుంది. బిల్లు మీద ఉండే కొనుగోలుదారు జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. వాటి తరవాతి పది అక్షరాలు ఆ సంస్థ పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం, అంటే జీఎస్‌టీ నంబరులో ఆరోది, ఆ సంస్థ ఏ రకమైనదో చెబుతుంది. అక్కడ C ఉంటే కంపెనీ, F ఉంటే భాగస్వామ్య సంస్థ లేదా ఎల్‌ఎల్‌పీ అనే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, P ఉంటే ఒక వ్యక్తి, A ఉంటే వ్యక్తుల కూటమి. జాయింట్ వెంచర్లు ఎక్కువగా ఈ చివరి రకంలో కనిపిస్తాయి. నెలనెలా రిటర్నులో ఎక్కించే నంబరులోనే ఇంత సమాచారం ఉన్నదని గమనించిన వ్యాపారి, ఏ కార్యాలయానికి రాయాలో చాలావరకు ముందే తేల్చుకోగలుగుతాడు.

కంపెనీయేనని తేలాక కావలసింది సీఐఎన్, అంటే ప్రతి కంపెనీకీ ఇచ్చే 21 అక్షరాల గుర్తింపు సంఖ్య. రిజిస్టర్డ్ పేరు, చిరునామాలతో పాటు దీన్ని కూడా ఉత్తరాల మీద, బిల్లుల మీద ముద్రించాలని చట్టంలోని 12వ సెక్షను విధిస్తున్నది, కాబట్టి పర్చేజ్ ఆర్డరు అడుగునో పైనో అది కనబడాలి. కనబడకపోతే ఆ లోపమే ఒక హెచ్చరిక. ఈ సంఖ్యను చదవడం నేర్చుకోవడానికి ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన కంపెనీయే మంచి ఉదాహరణ. సింగరేణి సీఐఎన్ U10102TG1920SGC000571. మొదటి అక్షరం U అంటే స్టాక్ మార్కెట్టులో నమోదు కానిదని అర్థం, నమోదైన కంపెనీకి L ఉంటుంది. తరవాతి అయిదంకెలు పరిశ్రమ రకాన్ని చెబుతాయి, అక్కడ 10తో మొదలయ్యే సంఖ్య బొగ్గు తవ్వకానికి సంబంధించింది. TG రాష్ట్రం, 1920 పుట్టిన సంవత్సరం, SGC అంటే రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ, చివరి ఆరంకెలు రిజిస్టరులోని సంఖ్య. సాధారణ ప్రైవేటు కంపెనీకి SGC ఉన్నచోట PTC కనిపిస్తుంది.

ఈ ఒక్క వరుసలో చరిత్ర కూడా ఉంది. 1920 డిసెంబరు 23న నిజాం రాజ్యపు కంపెనీల చట్టం కింద పుట్టిన ఈ కంపెనీకి, 2014లో ఏర్పడిన రాష్ట్రపు అక్షరాలు ఉండడం కొత్తవారికి విచిత్రంగా తోస్తుంది. రాష్ట్ర విభజన తరవాత ఇక్కడి కంపెనీల సంఖ్యల్లో AP స్థానంలో TG చేరింది, పుట్టిన సంవత్సరమూ చివరి ఆరంకెలూ మారలేదు. కాబట్టి పాత పర్చేజ్ ఆర్డరు మీది సీఐఎన్ వెబ్‌సైటులో దొరకనంత మాత్రాన ఆ కంపెనీ బూటకమని నిర్ణయించకూడదు. రాష్ట్రం మారినా, మార్కెట్టులో నమోదు అయినా, పబ్లిక్ కంపెనీ ప్రైవేటుగా మారినా సంఖ్యలో ఆయా అక్షరాలు మారతాయి. అప్పుడు పేరుతో, చివరి అంకెలతో వెతకాలి. పేరే మారి ఉంటే, మారిన పేరుతో రిజిస్ట్రారు ఇచ్చిన కొత్త సర్టిఫికెట్టును కూడా తీసుకోవాలి. పాత పేరున ఉన్న బిల్లుకూ కొత్త పేరున ఉన్న కంపెనీకీ లంకె కలిపేది అదొక్కటే.

ఇన్‌కార్పొరేషన్ పత్రాలు అని బహువచనంలో అనడానికి కారణం ఉంది. సర్టిఫికెట్టు ఒక్క పుటలో కంపెనీ పేరు, సంఖ్య, పుట్టిన తేదీ వంటి ప్రాథమిక వివరాలే చెబుతుంది. మెమొరాండం దాని ఉద్దేశాలను, మూలధనాన్ని చెబుతుంది. ఆర్టికల్స్ అనేవి దాని అంతర్గత నియమావళి, ఎవరు సంతకం చేస్తే కంపెనీ కట్టుబడుతుందో చెప్పేది అదే. చిన్న సరఫరాదారులు సాధారణంగా సర్టిఫికెట్టుతో తృప్తిపడి ఈ మూడోదాన్ని వదిలేస్తారు. దాన్ని వదిలేస్తే ఏమవుతుందో మద్రాసు హైకోర్టు 1934లోనే ఒక తెలుగు దావాలో చూపించింది. కోట్ల వెంకటస్వామి, చింతా రామమూర్తి అనే పేర్లతో న్యాయ నివేదికల్లోకెక్కిన ఆ వ్యాజ్యంలో, కంపెనీ దస్తావేజుల మీద మేనేజింగ్ డైరెక్టరు, కార్యదర్శి, వర్కింగ్ డైరెక్టరు ముగ్గురూ సంతకం చేయాలని ఆర్టికల్స్‌లో ఉంది. వాది తీసుకున్న తాకట్టు దస్తావేజు మీద కార్యదర్శి, వర్కింగ్ డైరెక్టరు మాత్రమే సంతకం చేశారు. వాది మంచి నమ్మకంతోనే డబ్బిచ్చినా, ఆ డబ్బు కంపెనీ అవసరాలకే ఖర్చయినా, ఆర్టికల్స్ చూసి ఉంటే సంతకం లోటు తెలిసేదని చెప్పి, కోర్టు ఆ దస్తావేజు చెల్లదని తీర్పునిచ్చింది.

ఈ తీర్పు వెనకున్న సూత్రాన్ని పరోక్ష జ్ఞానం అనవచ్చు. రిజిస్ట్రారు దగ్గర అందరికీ అందుబాటులో ఉన్న దస్తావేజును, కంపెనీతో లావాదేవీ జరిపే ప్రతి ఒక్కరూ చదివే ఉంటారని చట్టం భావిస్తుంది, నిజంగా చదివారా లేదా అన్నది అడగదు. దీనికి విరుగుడుగా ఇంగ్లండులో 1856 నాటి టర్క్వాండ్ కేసు నుంచి మరో సూత్రం వచ్చింది: ఆర్టికల్స్‌కు అనుగుణంగానే కనబడే పనిలో, లోపల తీర్మానం నిజంగా జరిగిందా లేదా అని బయటివారు విచారించనక్కరలేదు. రెండూ కలిపి చూస్తే సరఫరాదారు బాధ్యత ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. గుమ్మం మీద అతికించిన నియమాన్ని చదవాలి, గుమ్మం దాటి లోపలికి వెళ్లి ఆరా తీయనవసరం లేదు. గోదావరిఖనిలో దుకాణం నడుపుకునే వ్యాపారిని కూడా ఆర్టికల్స్ చదివినవాడిగా చట్టం లెక్కవేయడం కఠినమే. హక్కు తెలియనివారి మీద జ్ఞానాన్ని ఆపాదించడంలో న్యాయం కొంత తక్కువే. కానీ సూత్రం ఉన్నంతవరకూ, ఆ 850 రూపాయలు బాకీ పడ్డాక కంటే పెద్ద ఆర్డరు ఒప్పుకోవడానికి ముందు ఖర్చుపెట్టడమే వ్యాపారికి మేలు.

ముందుగానే చూసేవారికి ఆ ఖర్చులో చాలా భాగం అక్కరలేదు కూడా. అదే వెబ్‌సైటులో కంపెనీ ప్రాథమిక వివరాలు ఉచితంగా కనిపిస్తాయి: రిజిస్టర్డ్ చిరునామా, చెల్లించిన మూలధనం, చివరి వార్షిక సమావేశం తేదీ, ప్రస్తుత స్థితి. అన్నిటిలోనూ స్థితి ముఖ్యమైనది. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్టు కంపెనీ పుట్టిందని చెబుతుంది గానీ బతికి ఉందని చెప్పదు. వార్షిక పత్రాలు దాఖలు చేయని కంపెనీని 248వ సెక్షను కింద రిజిస్టరు నుంచి కొట్టివేసి ఉండవచ్చు, ఆ తరవాత కూడా దాని పాత సర్టిఫికెట్టు నకలు యథాతథంగానే దొరుకుతుంది. చివరి సమావేశం తేదీ మూడు నాలుగేళ్ల వెనక ఆగిపోయి ఉంటే కొట్టివేత దగ్గర పడిందని అనుకోవచ్చు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలే ఉండి, అడుగుతున్న అరువు ఆరు లక్షలు ఉంటే, ఎంత సరుకు ఎన్ని రోజుల అరువు మీద ఇవ్వాలో వ్యాపారి మళ్లీ ఆలోచించుకోవాలి.

పత్రం ఎంత అసలైనదైనా దాని వెనక ఉన్న మనుషుల గురించి అది మౌనంగా ఉండగలదని ఈ బొగ్గు కథే చెబుతుంది. ఇప్పటి సింగరేణికి ముందు 1886లో గనుల హక్కులు పొందిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇంగ్లండులో సక్రమంగా నమోదైన కంపెనీయే. అయినా, నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహరించిన అబ్దుల్ హక్‌కే ఆ గనుల హక్కుల ఒప్పందంలో రహస్యంగా వాటా ఉన్నదని, ఆ ప్రభుత్వం చేత కొనిపించిన వాటాలు ఆయనవేనని బయటపడి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. కంపెనీ ఉనికి మీద అక్కడ ఎవరికీ సందేహం లేదు. ఎవరి లాభం కోసం నడిచిందన్నదే వివాదం, దానికి జవాబు నమోదు పత్రంలో లేదు.

ఇక ధ్రువీకరణ ఎందుకన్న ప్రశ్న. వంద రూపాయలు కట్టి వెబ్‌సైటులో చూసి అచ్చు తీసుకున్న కాగితం వ్యాపారి సొంత అవగాహనకు చాలును. కోర్టులో మాత్రం అవతలి పక్షం దాన్ని వివాదం చేస్తే, అచ్చు తీసినవారు దాని నిజాయితీని నిరూపించుకోవాలి. రిజిస్ట్రారు ధ్రువీకరించిన నకలును మూల దస్తావేజుతో సమానంగా సాక్ష్యంలో స్వీకరించాలని 399వ సెక్షనే చెబుతున్నది. అసలు దస్తావేజును రిజిస్ట్రారు చేత కోర్టుకు తెప్పించాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలని అదే సెక్షను అడ్డుకట్ట వేసింది కూడా, ఎందుకంటే ప్రతి బాకీ దావాకూ ఫైలు మోసుకెళితే కార్యాలయం నడవదు. ధ్రువీకృత నకలు ఆ రెండు అవసరాల మధ్య కుదిరిన రాజీ.

నకలు చేతికొచ్చాక వ్యాపారి మొదట చేయవలసింది చిరునామాలను పోల్చడం. సరుకు దిగింది రామగుండం సైటులో, పర్చేజ్ ఆర్డరు వచ్చింది బ్రాంచి కార్యాలయం నుంచి, కంపెనీ రిజిస్టర్డ్ కార్యాలయం మాత్రం హైదరాబాదులోనో మరో రాష్ట్రంలోనో ఉండవచ్చు. కంపెనీకి నోటీసు అందించడానికి చట్టం గుర్తించిన చోటు రిజిస్టర్డ్ కార్యాలయమే. సైటు క్యాబినులో ఇచ్చి వచ్చిన కాగితం తమకు అందలేదని కంపెనీ తరవాత వాదించవచ్చు. పుట్టినప్పటి చిరునామా మారి ఉంటే, మార్పును తెలిపిన ఐఎన్‌సీ-22 పత్రం నకలు కూడా కావాలి. ఈమెయిల్ నిజంగా ఉపయోగపడేది ఇలాంటి సందర్భాల్లోనే: రుసుము కట్టినా పాత కంపెనీ కాగితం స్కాన్ అయి లేకపోతే, లేదా కొన్ని పుటలు చదవడానికి వీలుగా లేకపోతే, సీఐఎన్, దస్తావేజు పేరు, చెల్లింపు తేదీ, రసీదు సంఖ్య మాత్రమే రాసి, దొరకని పుటలు ఇవీ అని చెబితే, ఆ ఉత్తరం మీద కార్యాలయం చర్య తీసుకోగలుగుతుంది.

ఏ ద్వారం తట్టాలన్నది ఆ తరవాతి ప్రశ్న. దివాలా చట్టం కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలుకు వెళ్లడానికి కనీస బాకీ మొత్తాన్ని 2020 మార్చిలో లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు, కాబట్టి 6,40,000 రూపాయల వ్యాపారికి ఆ దారి మూసుకుపోయింది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006 కింద, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ వర్తిస్తుంది, ఫెసిలిటేషన్ కౌన్సిలు దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. అయితే 2021లో టోకు, చిల్లర వ్యాపారులను ఉద్యం నమోదులోకి తీసుకున్నప్పుడు, బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం మేరకే ఆ సౌకర్యాన్ని ప్రభుత్వం పరిమితం చేసింది. గోదావరిఖనిలో సొంతంగా హోస్ పైపులు కోసి ఫిట్టింగులు బిగించి తయారుచేసి ఇచ్చేవారికీ, హైదరాబాదు నుంచి తెచ్చి అమ్మేవారికీ ఇక్కడే దారులు విడిపోతాయి. రెండోవారికి మిగిలేది సివిల్ దావా. అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు, అరువు గడువు ఒప్పుకుని ఉంటే అది ముగిసిన నాటి నుంచి లెక్క. ఆ మూడేళ్ల లోపల కంపెనీ బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన లేఖ ఇస్తే గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ సంతకం చేసిన వ్యక్తి ఆ రోజున డైరెక్టరో కాదో డైరెక్టర్ల మార్పులను దాఖలు చేసే డీఐఆర్-12 పత్రంలో తెలుస్తుంది, దాని నకలు కూడా పుటకు 25 రూపాయలకే దొరుకుతుంది.